పోయిన ప్రాజెక్టు గురించి పోస్ట్ రాయడం ఎలా

మా ప్రాజెక్టు ఆగిపోయిన నాలుగు నెలలకు దాని గురించి లింక్డ్‌ఇన్‌లో రాద్దామని కూర్చున్నాను. మొదటిసారి రాసింది ఇదీ:

"కొన్ని ప్రయాణాలు గమ్యం చేరవు. ఎన్నో నిద్రలేని రాత్రులు, ఎంతో కష్టం. అయినా అనుకోని కారణాల వల్ల ప్రాజెక్టు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. కమ్యూనికేషన్ ఎంత ముఖ్యమో ఈ ప్రయాణంలో తెలుసుకున్నాను. ఓటమే గెలుపుకు తొలిమెట్టు. వెన్నంటి నిలిచిన టీమ్‌కు కృతజ్ఞతలు."

మర్నాడు చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మేం చేసింది పాల కేంద్రాల యాప్. ఇందులో పాలూ లేవు, కేంద్రమూ లేదు. కల్యాణ మండపాల బుకింగ్ యాప్ మూతపడినా ఇదే పోస్ట్ పెట్టుకోవచ్చు. చదివినవాళ్లు ఒక లైక్ కొట్టి, "ధైర్యంగా ఉండండి బ్రదర్" అని రాసి వెళ్తారు. ఓదార్పు కావాలంటే ఇంట్లో వాళ్లున్నారు. పోస్ట్ వల్ల ఇంకో పాల డెయిరీ యాప్ చేస్తున్నవాళ్లకు ఏదైనా ఉపయోగం ఉండాలంటే ఎలా రాయాలో తెలుసుకోవడానికి ఆ పోస్ట్‌ను మూడుసార్లు తిరగరాయాల్సి వచ్చింది. ఆ వరుసలోనే చెబుతాను.

ముందు తేదీలు రాసుకోండి

పోస్ట్ మొదలుపెట్టకండి. ఒక కాగితం తీసుకుని ఎడమవైపు తేదీ, మధ్యలో ఆరోజు తీసుకున్న నిర్ణయం, కుడివైపు ఆరోజుకి మీకు తెలిసిన సంగతి రాయండి. ఈ మూడో గడి చాలా ముఖ్యం. అయిపోయాక అందరికీ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. "అప్పుడే అనుకున్నాను" అనిపిస్తుంది. పాత మెయిళ్లు, వాట్సాప్ గ్రూపు, మీటింగ్ నోట్సు తెరిచి చూస్తే అప్పుడు అలా అనుకోలేదని తేలిపోతుంది. నా విషయంలో తేలింది కూడా.

మా ప్రాజెక్టు సంగతి క్లుప్తంగా ఇది. ఒక ప్రైవేటు డెయిరీకి సుమారు 40 ఊళ్లలో పాల కేంద్రాలు ఉన్నాయి. పొద్దున్నే రైతులు వచ్చి పాలు పోస్తారు. కేంద్రం నడిపే మనిషి తూకం వేసి, కొంచెం పాలు మిషన్‌లో పెట్టి ఫ్యాట్, అంటే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాకుండా మిగతా ఘనపదార్థాల శాతం చూస్తాడు. చిన్న ప్రింటర్ నుంచి స్లిప్ వస్తుంది. మా యాప్‌లో ఆ మనిషి రైతు కోడ్, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ కొట్టాలి. వెంటనే రైతు ఫోన్‌కు మెసేజ్ పోతుంది, ఆఫీసులో లెక్క కనిపిస్తుంది. జూన్‌లో మొదలుపెట్టాం, అక్టోబరులో డెయిరీవాళ్లు ఆపేశారు.

నా కాగితంలో జులై రెండో వారం దగ్గర ఇలా ఉంది: "డ్యాష్‌బోర్డులో అన్ని కేంద్రాలూ పచ్చగా ఉన్నాయి. డెయిరీకి మెయిల్ పెట్టాను, నూటికి నూరు శాతం ఎంట్రీ అవుతోందని." కుడివైపు గడిలో: "ఒక సూపర్‌వైజర్ ఫోన్ చేసి, మెసేజ్‌లు మధ్యాహ్నం వస్తున్నాయని రైతులు అంటున్నారని చెప్పాడు. నెట్‌వర్క్ సమస్య అని సర్దిచెప్పాను."

ఈ రెండు లైన్లూ పక్కపక్కన చూశాకే అసలు పోస్ట్ ఎక్కడుందో దొరికింది.

ఒక్క పాఠమే తీయండి

పోయిన ప్రాజెక్టులో పాఠాలకు కొదవ ఉండదు. నాకు మూడు కనిపించాయి. మొదటిది, డెయిరీ ఆఫీసులో కూర్చున్నవాళ్లను అడిగి యాప్ చేశాం, కేంద్రంలో పొద్దున ఆరింటికి నిలబడి చూడలేదు. రెండోది, మిషన్ నుంచి అంకెలు నేరుగా యాప్‌లోకి తీసుకునే పని మొదటి విడతలోంచి తీసేశాం, ఎందుకంటే కేంద్రాల్లో ఒక్కొక్కచోట ఒక్కో కంపెనీ మిషన్ ఉంది. మూడోది, ఎంట్రీ పడిందా లేదా అని మాత్రమే చూశాం, ఏ టైముకు పడిందో చూడలేదు.

మొదటిది నిజమే కానీ, వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి చూడమని చెప్పని పోస్ట్ లేదు. చదివినవాళ్లు తలూపి ముందుకెళ్తారు. రెండోది మా పరిస్థితికి సంబంధించింది, ఇంకొకరికి ఆ సమస్యే ఉండకపోవచ్చు. మూడోది చదివితే మాత్రం ఎవరైనా ఆ మధ్యాహ్నమే తమ డ్యాష్‌బోర్డు తెరిచి చూసుకోగలరు. నా కొలత ఇదొక్కటే: చదివిన మనిషి రేపు ఆఫీసుకు వెళ్లి దీన్ని పట్టుకుని ఒక పని చేయగలడా? చేయలేకపోతే అది ఇంకా పాఠం కాలేదు, ఇంకా లోపలికి వెళ్లాలి.

లోపలికి ఎలా వెళ్లాలి? "ఎందుకు" అని అడుగుతూ పోతే చాలు, అయితే ఎక్కడ ఆగాలో తెలియాలి. "రైతులు నమ్మలేదు." ఎందుకు? "స్లిప్‌లో ఒకటి, మెసేజ్‌లో ఒకటి ఉంది." ఎందుకు? "ఆపరేటర్లు పొద్దున నోట్‌బుక్‌లో రాసుకుని మధ్యాహ్నం యాప్‌లో ఎక్కిస్తున్నారు, అప్పుడు 4.2 కాస్తా 2.4 అవుతోంది." మరి మాకు ఎందుకు తెలియలేదు? "మా డ్యాష్‌బోర్డులో టైము చూపించే గడి లేదు." ఎందుకు లేదు? "అక్కర్లేదని నేనే అన్నాను." అక్కడ ఆగాలి. మీరు చేసిన పని దగ్గరికి వచ్చేదాకా ఆగకూడదు, వచ్చాక ఇంకా తవ్వకూడదు. "నేను ఎందుకు అలా అన్నాను" అంటూ కొనసాగిస్తే అది ఆత్మకథ అయిపోతుంది.

ఇలాంటి పోస్టుల్లో చాలామంది ఎస్‌ఎల్‌వీ-3 కథ చెబుతుంటారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోవడం, ప్రెస్ ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ బాధ్యత తీసుకోవడం, మరుసటి ఏడాది జులై 18న విజయం సాధించాక కలాంను మాట్లాడమనడం. మంచి కథే. కానీ ఆ రాకెట్ ఎందుకు పడిందో ఆ పోస్టుల్లో ఎప్పుడూ ఉండదు. రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో ఒక వాల్వ్ సరిగా పనిచేయలేదు. ఇంజినీరుకు పనికొచ్చేది ఆ వాల్వే. మీ పోస్టులో మీ వాల్వ్ ఏదో చెప్పండి.

ఎవరు గుర్తుపడతారో చూసుకోండి

పేరు రాయకపోతే సరిపోతుందని అనుకుంటాం. సరిపోదు. జిల్లా పేరు, కేంద్రాల సంఖ్య, మొదలైన నెల, ఈ మూడూ కలిపితే ఆ రంగంలో ఉన్నవాళ్లు డెయిరీ పేరు ఇట్టే చెప్పేస్తారు. నేను జిల్లా తీసేశాను, సంఖ్యను "సుమారు 40" చేశాను. పాఠానికి అవసరమైన అంకెలను మాత్రం అలాగే ఉంచాలి. అవి కూడా తీసేస్తే మళ్లీ "కొన్ని ప్రయాణాలు గమ్యం చేరవు" దగ్గరికే వస్తాం.

ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో కంపెనీ, క్లయింట్ల సమాచారం బయట చెప్పకూడదనే షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అందుకే పూర్తయిన పోస్ట్‌ను మేనేజర్‌కు పంపి, "ఇది పెట్టొచ్చా?" అని మెయిల్‌లోనే అడగండి. మాటల్లో అడిగితే "పెట్టేయ్" అంటారు, గొడవైతే గుర్తుండదు. లెక్కలు తేలనప్పుడు, క్లయింట్ నుంచి డబ్బు రావాల్సి ఉన్నప్పుడు, టీమ్‌లో ఎవరినైనా తీసేస్తున్నప్పుడు అసలు రాయకండి. ఆ సమయంలో మీరు ఏం రాసినా ఎవరో ఒకరి మీద సాక్ష్యంలా చదువుతారు.

తప్పు చేసిన తోటి ఉద్యోగిని ఎలా చూపించాలి? ఇందుకు మంచి ఉదాహరణ గిట్‌ల్యాబ్, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సర్వీసు నడిపే కంపెనీ. 2017 జనవరి 31న వాళ్ల ఇంజినీరు ఒకరు ఒక సర్వర్‌లో చేయాల్సిన పనిని ఇంకో సర్వర్‌లో చేసి, అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశారు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. తర్వాత కంపెనీ రాసిన వివరణలో ఆ ఇంజినీరు పేరు లేదు, `team-member-1` అని మాత్రమే ఉంది. కానీ మిగతా వివరాలన్నీ ఉన్నాయి. బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రామ్ వెర్షన్ తేడా వల్ల పనిచేయడం లేదు. అది పనిచేయడం లేదని పంపిన మెయిళ్లను కూడా సర్వర్ తిప్పికొట్టేసింది, ఎవరికీ చేరలేదు. మనిషిని దాచారు, జరిగింది దాచలేదు. మనం తరచూ దీన్ని తలకిందులు చేస్తాం. "ఒక టీమ్ మెంబర్ నిర్లక్ష్యం వల్ల" అని రాస్తాం. నిర్లక్ష్యం అంటే ఏమిటో చెప్పం, ఆఫీసులో అందరికీ అదెవరో మాత్రం తెలిసిపోతుంది.

క్రియలు చూసుకోండి

నిజాయతీ చాలావరకు తెలుగులో వాక్యం చివర తేలిపోతుంది. "ఆలస్యం జరిగింది", "పొరపాటు దొర్లింది", "ఆ అంశం పరిశీలనలోకి రాలేదు." ఈ వాక్యాల్లో మనుషులే ఉండరు. తప్పులు వాటంతట అవే దొర్లుతుంటాయి, రోడ్డు మీద రాళ్లలాగ. ప్రెస్ నోట్లు చదివి చదివి మన చేతికి ఇదే అలవాటైపోయింది. మీ డ్రాఫ్ట్‌లో "జరిగింది", "దొర్లింది", "అయిపోయింది" ఎక్కడున్నా ఆగి, ఎవరు చేశారో రాయండి. "టైము గడి పెట్టడం జరగలేదు" అన్నది "టైము గడి అక్కర్లేదని నేను చెప్పాను" అవుతుంది. వాక్యం పొట్టిదైంది, చదివేవాడికి నమ్మకమూ కలిగింది.

"మేము" కూడా జాగ్రత్త. నిర్ణయం నలుగురూ కూర్చుని తీసుకుంటే మేము. మీరొక్కరే తీసుకుంటే నేను. మంచి పనులన్నీ "నేను", చెడ్డవన్నీ "మేము" అయిపోయాయేమో ఒకసారి లెక్కపెట్టుకోండి. దీనికి వ్యతిరేకం కూడా ఉంది: ప్రతి తప్పూ "నాదే, నాదే" అని గుండెలు బాదుకోవడం. చూడ్డానికి వినయంలా ఉంటుంది కానీ, "అయ్యో, అంతా మీ తప్పే అయితే కాదు" అనిపించుకోవడానికే అది. మిషన్లు వేర్వేరు కంపెనీలవి కావడం నా తప్పు కాదు. కాబట్టి దాన్ని నా నెత్తిన వేసుకోలేదు, కారణంగా మాత్రమే రాశాను.

ఇక సానుభూతి మాటలు. నిద్రలేని రాత్రులు, కుటుంబానికి ఇవ్వలేని సమయం, కన్నీళ్లు, గుండె బరువు. వీటిని పూర్తిగా తీసేయమని నేను అనను. బాధ గురించి ఒక్క వాక్యం ఉండొచ్చు, అయితే అది ఆ పనికి సంబంధించినది కావాలి. "ఆ కేంద్రం ముందు నిలబడితే సిగ్గేసింది" అంటే, ఆ సిగ్గు ఎందుకో పక్క వాక్యంలో కనిపిస్తే, అది కథలో భాగమే. "చాలా టెన్షన్ పడ్డాను" అంటే అందరూ పడతారు.

రాయడం

లింక్డ్‌ఇన్‌లో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి నేపథ్యంతో కాకుండా, ఏం పోయిందో, ఎందుకు పోయిందో దానితోనే మొదలుపెట్టండి. మొత్తం పోస్ట్ 3,000 క్యారెక్టర్లకు మించకూడదు. తెలుగులో రాసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: "ప్రా" మనకు ఒక్క అక్షరమే అయినా కంప్యూటర్ లెక్కలో నాలుగు. స్థలం అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది.

చివరికి నేను పెట్టినది ఇదీ:

"పాల కేంద్రాల కోసం మేం చేసిన యాప్ ఐదు నెలల్లో మూతపడింది. నా డ్యాష్‌బోర్డు మాత్రం చివరి రోజుదాకా పచ్చగానే ఉంది.

సుమారు 40 కేంద్రాలు. రైతు పాలు పోయగానే ఆపరేటర్ యాప్‌లో ఫ్యాట్, లీటర్లు కొట్టాలి, రైతు అక్కడ ఉండగానే మెసేజ్ రావాలి. రోజూ అన్ని ఎంట్రీలూ పడుతున్నాయని నేను డెయిరీకి రిపోర్టు పంపుతూ వచ్చాను. అవి ఏ టైముకు పడుతున్నాయో చూడలేదు. ఆ గడి అక్కర్లేదని చెప్పింది నేనే.

జులైలో ఒక సూపర్‌వైజర్ మెసేజ్‌లు మధ్యాహ్నం వస్తున్నాయన్నాడు. నెట్‌వర్క్ అనుకున్నాను. అక్టోబరులో డేటా తీసి చూస్తే 33 కేంద్రాల ఎంట్రీలు పొద్దున 11 దాటాకే ఉన్నాయి. నోట్‌బుక్ చూసి ఎక్కించినవి.

కారణం తెలుసుకోవడానికి ఒక కేంద్రంలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. యాప్ వల్ల మనిషికి 35 సెకన్లు ఎక్కువ పడుతోంది. 60 మంది క్యూ. అంటే 35 నిమిషాలు. పాల వ్యాన్ ఏడున్నరకు వెళ్లిపోతుంది. ఆపరేటర్ యాప్ పక్కన పెట్టడం తప్ప ఇంకేం చేస్తాడు?

ఇప్పుడు ఏ పనిలోనైనా ఎంట్రీల సంఖ్య పక్కన, పని జరిగిన టైముకూ ఎంట్రీ పడిన టైముకూ తేడా పెడుతున్నాను. గంట దాటితే ఎర్రగా అవుతుంది. ఎంట్రీ వెంటనే పడాల్సిన పనులకే ఇది వర్తిస్తుంది. రోజు చివర ఒకేసారి ఎక్కించే పనులకు దీంతో ఏమీ తెలియదు."

చివరి రెండు వాక్యాలూ చాలామంది వదిలేస్తారు. మీ పాఠం ఎక్కడ పనిచేయదో చెబితే, ఎక్కడ పనిచేస్తుందో ఎక్కువ నమ్ముతారు. ఇంకొకటి గమనించండి, ఇందులో "ఇప్పుడు చేస్తున్నాను" అని ఉంది, "చేయాలి" అని లేదు. మీరు ఇంకా చేసి చూడని సలహా అయితే "చేద్దామనుకుంటున్నాను" అనే రాయండి.

పెట్టేముందు ఒకరికి చదివి వినిపించండి

ఎవరికి? మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లకు కాదు, ఆ పనిలో ఉన్నవాళ్లకు. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడిన కేంద్రం ఆపరేటర్‌కు ఫోన్ చేసి మొత్తం చదివాను. నా డ్రాఫ్ట్‌లో అప్పటికి "యాప్ నెమ్మదిగా ఉండటం వల్ల 35 సెకన్లు" అని ఉంది.

"యాప్ నెమ్మది కాదు సార్," అన్నాడు. "నా వేళ్లకు పాలు, నీళ్లు ఉంటాయి. తడి వేలు పెడితే ఫోన్ పట్టదు. తుడుచుకుని కొట్టాలి, మళ్లీ డబ్బా పట్టాలి, మళ్లీ తుడుచుకోవాలి. మీరు చూశారు కదా."

చూశాను. స్టాప్‌వాచ్ వైపు చూస్తూ ఉన్నాను, అతని చేతుల వైపు కాదు. "నెమ్మదిగా ఉండటం" అన్న మాట పోస్ట్‌లోంచి తీసేశాను. తడి చేతుల సంగతి అతనిది కాబట్టి, అతన్ని అడిగి, పోస్ట్ కింద మొదటి కామెంట్‌గా "ఒక ఆపరేటర్ చెప్పిన మాట" అని రాశాను. పేరు వద్దన్నాడు.

పెట్టాక

రెండు రకాల కామెంట్లు తప్పకుండా వస్తాయి. ఒకటి, "ఇది ముందే తెలియాల్సింది కదా." దీనికి వాదించకండి, సంజాయిషీ ఇవ్వకండి. "అవును, జులైలోనే తెలియాల్సింది" అంటే సరిపోతుంది, ఎందుకంటే అది నిజం. రెండోది పాత సహోద్యోగి ఎవరో వచ్చి ఒక వివరం తప్పని చెప్పడం. నాకు ఒకతను, మెసేజ్‌ల ఫిర్యాదు జులైలో కాదు, జూన్ చివరే వచ్చిందన్నాడు. పాత మెసేజ్‌లు వెతికితే అతనిదే నిజం, మొదటి ఫోన్ అతనికే వచ్చింది. పోస్ట్‌ను చప్పుడు చేయకుండా మార్చకుండా, కింద "సవరణ: మొదటి ఫిర్యాదు జూన్ చివర్లో వచ్చింది" అని కలిపాను. నాకు అనుకూలమైన దిద్దుబాటు కాదు, ఇంకో రెండు వారాల ముందే తెలిసే అవకాశం ఉందని అర్థం. అయినా అది ఉండాల్సిందే.

ఓదార్చేవాళ్లకు ఒక థాంక్స్ చెప్పి వదిలేయండి. పనికి సంబంధించి అడిగినవాళ్లకు టైము ఇవ్వండి. ఇంకో డెయిరీలో పనిచేసే ఆవిడ ఒకరు, టైము తేడా ఎలా లెక్కపెట్టారని అడిగారు. మిషన్ స్లిప్ మీద టైము ఉంటుంది, ఆ స్లిప్పులు రోజుకు పదైనా ఫొటో తీసి యాప్ టైముతో పోల్చండి, ఒక వారంలో తెలిసిపోతుందని చెప్పాను. ఆమె ఇంకో ప్రశ్న కూడా అడిగారు: మరి ఆ కేంద్రాల్లో ఇప్పుడు ఏం వాడుతున్నారు?

పాత మిషన్, పాత స్లిప్పే.